సెలీనియం ఎక్కువైతే ఊడేది జుట్టే

2008లో అమెరికాలోని పది రాష్ట్రాల్లో చాలామంది ఇంచుమించు ఒకే బాధలతో డాక్టర్ల దగ్గరికి వెళ్లారు. విరేచనాలు, నీరసం, కీళ్ల నొప్పులు, జుట్టు ఊడటం, గోళ్లు రంగు మారి పెళుసుబారి రాలిపోవడం. వాళ్లంతా తాగుతున్నది ఒకటే పోషకాల ద్రావణం. ఒక మోతాదుకు 200 మైక్రోగ్రాముల సెలీనియం అని సీసా మీద రాసి ఉంది. పరీక్షిస్తే 40,800 మైక్రోగ్రాములు తేలింది. తయారీలో జరిగిన ఆ పొరపాటుతో 201 మంది జబ్బుపడ్డారు. మందు మానేసిన మూడు నెలలకు కూడా కొందరి గోళ్లు కుదుటపడలేదు.

ఇంత పెద్ద పొరపాటు అరుదే. అయితే సెలీనియంతో చిక్కుల్లో పడటానికి కంపెనీ తప్పు చేయాల్సిన పనేమీ లేదు. థైరాయిడ్‌కి, జుట్టుకి మంచిదని మనవాళ్లు కొనే మాత్రల్లో ఇది తరచూ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు 40 మైక్రోగ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అమెరికా లెక్క 55. ఇక మించకూడని హద్దు అమెరికాలో 400. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాన్ని 255కి తగ్గించింది. రోజూ 200 మైక్రోగ్రాముల మాత్ర వేసుకున్న మగవాళ్లపై అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో జుట్టు ఊడటం ఎక్కువగా కనబడటమే అందుకు ఆధారం. తిండిలో వచ్చేదీ, మాత్రలో వచ్చేదీ కలిపే ఈ హద్దు.

ఇప్పుడు బ్రెజిల్ నట్స్ సంగతి. అమెజాన్ అడవుల్లోని మహావృక్షాల గింజలివి. ఒక్కో గింజలో సుమారు 70 నుంచి 90 మైక్రోగ్రాములు ఉంటుందని అమెరికా పట్టికలు చెబుతాయి గానీ, దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదు. చెట్టు పెరిగిన నేలలో సెలీనియం ఎంత ఉంటే గింజలో అంత చేరుతుంది. ఒక ప్రాంతపు గింజకూ మరో ప్రాంతపు గింజకూ ఎన్నో రెట్లు తేడా రావచ్చు. ఆ వివరం ప్యాకెట్ మీద ఉండదు.

లెక్క వేసి చూద్దాం. పొద్దున నాలుగు గింజలు, గింజకు 80 చొప్పున 320. జుట్టు కోసం వేసుకునే మాత్రలో 200. మల్టీవిటమిన్‌లో 55. మొత్తం 575. అన్నం, పప్పు, గుడ్డు, చేపల్లో వచ్చేది ఇంకా కలపనే లేదు. గింజలు తినాలనుంటే రోజుకు ఒకటి చాలు; అప్పుడిక సెలీనియం మాత్ర అక్కర్లేదు.

ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? ఊపిరిలో వెల్లుల్లి వాసన, నోట్లో లోహపు రుచి ముందుగా కనిపించే గుర్తులు. వెల్లుల్లి తినని రోజున కూడా ఇంట్లోవాళ్లు ఆ మాట అంటే పట్టించుకోవాలి. తర్వాత గోళ్ల మీద తెల్లటి మచ్చలు, గీతలు, దద్దుర్లు, వికారం, చిరాకు. జుట్టు ఊడటం కూడా. అసలు ప్రమాదం అక్కడే. జుట్టు రాలుతోందని మాత్ర మొదలుపెట్టినవాళ్లు, ఇంకా రాలుతుంటే మోతాదు చాలలేదనుకుని రెండోది వేసుకుంటారు. అలాంటప్పుడు మాత్రలూ గింజలూ రెండూ ఆపి, వాడుతున్న డబ్బాలన్నీ డాక్టరు ముందు పెట్టి, రక్తంలో సెలీనియం పరీక్ష అవసరమా అని అడగాలి.