భారతి పేరులో రెండు హెచ్‌లు

ఆఫీసు మెయిల్లో Bharathi అన్న పేరు చూసి అమెరికన్ సహోద్యోగి తడబడ్డాడంటే తప్పు అతని నాలుకది కాదు, మన స్పెల్లింగుది. అందులో రెండు హెచ్‌లున్నాయి. మొదటిది నిజంగా ఊపిరే, భ మహాప్రాణం కాబట్టి. రెండోదానికి ఊపిరితో పనే లేదు. అది ట కాదు, త అని చెప్పడానికి దక్షిణాదిలో మనం తగిలించే గుర్తు, అంతే. ఉత్తరాదివాళ్లు ఇదే పేరును Bharati అని రాసుకుంటారు. ఇదంతా తెలియని మనిషి ‘థింక్’ అన్నట్టే నాలుకను పళ్ల మధ్య పెట్టి గాలి వదులుతాడు. మరేం చేస్తాడు పాపం!

ఇంగ్లిష్ టీ పలికేటప్పుడు నాలుక కొన పైపళ్ల వెనక ఉన్న చిగురు గట్టుకు తగులుతుంది. మన త ఇంకా ముందు, పళ్లకే తగులుతుంది. మన ట ఇంకా వెనక. అయితే త అతని నోట్లో లేకపోలేదు. ‘ఎయిట్’కి టీహెచ్ చేర్చి ‘ఎనిమిదో’ అనే అర్థంలో పలికేటప్పుడు అతని టీ తనంతట తానే పళ్ల మీదికి జరుగుతుంది. అక్కడే ఆగి, చివరి గాలి వదలకుండా ‘ఇ’ చేర్చమనండి. నోటి ముందు అరచేయి పెట్టుకోమనండి. గాలి గట్టిగా తగిలితే అది థి. ఇంగ్లిష్‌లో మాట మొదట వచ్చే పీ, టీ, కేలకు ఊపిరి అడక్కుండానే తోడవుతుంది. ‘స్టాప్’లో మాత్రం ఎస్ వెనక టీకి అది ఉండదు. మనకు కావలసింది ఆ పొడి టీ, పళ్ల దగ్గర.

ఇక భ. ‘బహారతి’ అని మధ్యలో ఒక అచ్చు దూర్చడం మామూలుగా జరిగేదే. ‘క్లబ్‌హౌస్’ గబగబా అనిపించి, ముందున్న ‘క్ల’ తీసేయమంటే బీ, హెచ్ అతుక్కుంటాయి. ‘బారతి’ అన్నా నేను పట్టించుకోను. మన ఊళ్లలో సగంమంది అనేది అదే కదా. ర కోసం కష్టపడక్కర్లేదు: అమెరికన్ నోట ‘వాటర్’లో నాలుక చటుక్కున తగిలే టీయే దాదాపు మన ర.

మూర్ధన్యాలతోనే అసలు చిక్కు, ఎందుకంటే స్పెల్లింగులో ణ, ళల జాడే ఉండదు. రమణలోని ణకూ నాగేశ్వరలోని నకూ ఒకటే ఎన్. మురళికీ కమలకూ ఒకటే ఎల్. ఇవి నోటితో చెప్పాల్సిందే. ‘హార్డ్’ అనేటప్పుడు ఆర్ దగ్గర చాలామంది అమెరికన్ల నాలుక కొన వెనక్కి లేస్తుంది. దాన్ని కిందికి దించకుండా అంగిలికి తగిలించమంటే డ వస్తుంది. అక్కడే ముక్కులోంచి పలికితే ణ. ఆర్‌ను మింగేసే లండన్ సహోద్యోగికి ఈ చిట్కా పనిచేయదు, నాలుక మడిచి చూపించాలి. ళ అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడుతుంది. అది వచ్చేదాకా ‘మురలి’ అని పిలిచినా మురళి పలుకుతాడు.