కిటికీకి ఎదురుగా ఒక్క కాగితం

మొన్న జూన్‌లో విజయవాడ నుంచి మా చెల్లెలు వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపింది. వాళ్ల అబ్బాయి సీబీఎస్ఈలో పదో తరగతికి వచ్చాడు. ఎన్‌సీఈఆర్‌టీ లెక్కల పుస్తకం షాపుల్లో దొరకడం లేదని ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే బేరమాడింది. ‘‘అన్నయ్యా, కొత్తదేనంటున్నాడు. డబ్బు పంపేయనా?’’ అని అడిగింది. ఆగమన్నాను.

ముందు నంబర్లు చూశాను. లోపల కాపీరైట్ పేజీలో ఐఎస్‌బీఎన్ 81-7450-634-9 అని ఉంది. ఆ పుస్తకానికి ఉండాల్సింది అదే. వెనక అట్ట ఫొటోని పెద్దది చేసి చూస్తే అడుగున 81-7450-636-5 అని ఉంది. అది అదే తరగతి సైన్సు పుస్తకం నంబరు! సైన్సు అట్ట కోసం చేసుకున్న ఫైల్లోనే బొమ్మ, పేరు మార్చి, వెనక ఉన్న నంబరు మార్చడం మరిచిపోయినట్టున్నారు.

ఐఎస్‌బీఎన్ సరైనదో కాదో ఇంట్లోనే లెక్క కట్టి చూడొచ్చు. పది అంకెల నంబరైతే మొదటి అంకెను పదితో, రెండోదాన్ని తొమ్మిదితో, అలా తగ్గిస్తూ చివరిదాన్ని ఒకటితో గుణించి, అన్నీ కూడాలి. మొత్తం 11తో శేషం లేకుండా భాగింపబడాలి. లెక్కల పుస్తకం నంబరుకు 253 వస్తుంది, అంటే పదకొండు ఇరవైమూళ్లు. సైన్సు నంబరు కూడా ఈ పరీక్షలో నెగ్గుతుంది. అంకె తప్పు పడితే ఈ లెక్క పట్టిస్తుంది కానీ, ఒక పుస్తకం నంబరు తెచ్చి ఇంకోదానికి అంటిస్తే పట్టించలేదు. అందుకే లోపలి నంబరునీ అట్ట మీది నంబరునీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక్కడ తొందరపడి అమ్మేవాణ్ని అనుమానించకూడని సందర్భాలూ ఉన్నాయి. 2007 నుంచి ఐఎస్‌బీఎన్ పదమూడు అంకెలైంది. ఇదే లెక్కల పుస్తకం కొన్నిచోట్ల 978-81-7450-634-4 అని కనిపిస్తుంది. ముందు 978 చేరింది, చివరి అంకె మారింది, మధ్యలో తొమ్మిదీ అవే. కాలేజీ పుస్తకాల్లో అయితే గట్టి అట్ట ప్రతికి ఒక నంబరు, మెత్త అట్ట ప్రతికి ఇంకొకటి, తక్కువ ధర భారతీయ ఎడిషన్‌కు మరొకటి ఉంటాయి.

నకిలీ చేసేవాడు జాగ్రత్తపరుడైతే నంబర్లన్నీ సరిగ్గానే ఉంటాయి. అచ్చులో ఉన్నదంతా స్కానర్ దించేస్తుంది. అది దించలేనిది కాగితాన్ని.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో కాపీరైట్ పేజీ మీద, 80 జీఎస్ఎం కాగితంపై ఎన్‌సీఈఆర్‌టీ వాటర్‌మార్క్‌తో ముద్రించినట్టు రాసి ఉంటుంది. చదరపు మీటరు కాగితం 80 గ్రాములు తూగుతుందని దానర్థం. నకిలీలోనూ ఆ వాక్యం అలాగే ఉంటుంది, కాగితం మాత్రం ఉండదు. అందుకని ఒక్కో కాగితాన్ని పగటివేళ కిటికీకి ఎదురుగా పట్టుకుని రెండు మూడు ఫొటోలు తీసి పంపమన్నాం. వాటర్‌మార్క్ జాడే లేదు. పైగా అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి తేలి, రెండు పేజీల లెక్కలూ కలిసిపోయాయి. పల్చటి నాసి కాగితం. రంగును బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. పసుపు బల్బు కింద మంచి కాగితమూ పాతబడినట్టే కనిపిస్తుంది. పక్కన తెల్ల కాగితం పెట్టి తీయమనండి.

అట్ట విషయంలో నేను చూసేది బొమ్మను కాదు, చిన్న నల్ల అక్షరాల అంచుల్ని. అసలు ముద్రణలో సాధారణంగా అవి ఒక్క నల్ల ఇంకుతోనే పడతాయి, అంచు కోసినట్టుంటుంది. అచ్చయిన అట్టను స్కాన్ చేసి మళ్లీ నాలుగు రంగుల్లో వేస్తే, నలుపు కూడా రంగుల కలయికే అవుతుంది. అక్షరం అంచున సన్నగా ఎరుపో నీలమో తొంగిచూస్తుంది. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా వస్తే కుదించుకుపోయి ఈ తేడా చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి.

వైద్యం, ఇంజినీరింగ్ లాంటి ఖరీదైన గట్టి అట్ట పుస్తకాలకు వెన్ను పైకొసను ఫొటో అడగండి. దారంతో కుట్టినదైతే మడతల కట్టలు చిన్నచిన్న వంపులుగా వరసన కనిపిస్తాయి. విడి కాగితాలను జిగురుతో అతికిస్తే నున్నగా ఒకే దిమ్మలా ఉంటుంది. మెత్త అట్ట అసలు పుస్తకాలు చాలావరకు జిగురుతోనే వస్తాయి కాబట్టి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

ఇదంతా చిల్లర వ్యవహారం అనుకోకండి. 2020 ఆగస్టులో మీరట్‌లో పోలీసులు పట్టుకున్న నకిలీ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల విలువ సుమారు 35 కోట్ల రూపాయలని వార్తలొచ్చాయి.

మా చెల్లెలు ఆ పుస్తకం కొనలేదు. షాపుకి అసలుది వచ్చేదాకా పిల్లవాడు ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్లో పీడీఎఫ్ దించుకుని చదువుకున్నాడు. అది అక్కడ అందరికీ ఉచితం.