గ్లాసు నిండా ఐసు, సున్నా డిగ్రీలు

కొత్తగా కొన్న కిచెన్ థర్మామీటర్‌ని మొదటిసారి ఐసు నీళ్లలో పెట్టి చూస్తే 3.4 డిగ్రీలు చూపించింది. సున్నా రావాలి. వస్తువు మంచిది కాదనుకుని, తిప్పి పంపడానికి మళ్లీ డబ్బాలో పెట్టేశాను. మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి ఇంకో పద్ధతిలో చూస్తే 0.2 వచ్చింది. థర్మామీటర్‌లో ఏ దోషమూ లేదు. తప్పంతా నేను కలిపిన గ్లాసులోనే ఉంది.

మొదటి రోజు గ్లాసు నిండా నీళ్లు పోసి, పైన నాలుగు ఐసు ముక్కలు వేశాను. ఐసు పైన తేలింది, సూది కొన మాత్రం గ్లాసు అడుగుకి దగ్గరగా ఉంది. నీటికి ఒక విచిత్రమైన గుణం ఉంది. అది అన్నిటికన్నా బరువుగా ఉండేది సున్నా దగ్గర కాదు, 4 డిగ్రీల దగ్గర. కాబట్టి కదపని గ్లాసులో ఐసు చుట్టూ ఉన్న నీళ్లు సున్నాకి చేరినా, దాదాపు 4 డిగ్రీల నీళ్లు అడుగున నిలిచిపోతాయి. ఆ రోజు థర్మామీటర్ అడుగునున్న నీళ్ల వేడిని ఉన్నది ఉన్నట్టే చెప్పింది.

అందుకే ఈ పరీక్షకి కావలసింది ఐసు వేసిన నీళ్లు కాదు, నీళ్లు పోసిన ఐసు. ఐసు ముక్కల్ని మందపాటి తువ్వాలులో చుట్టి, చపాతీ కర్రతో కొట్టి చితకగొట్టండి. పొడవాటి గ్లాసుని ఆ చితికిన ఐసుతో అంచుదాకా నింపండి. తర్వాత ఫ్రిజ్‌లోని చల్లటి నీళ్లు సందుల్లోకి దిగేలా, ఐసు పైమట్టానికి కొంచెం కిందివరకే పోయండి. బాగా కలిపి మూడు నిమిషాలు ఆగి, మళ్లీ కలపండి. గ్లాసు గాజుదైతే పక్కనుంచి చూడండి. ఐసు పైకి లేచి అడుగున ఉత్త నీళ్లు కనిపిస్తుంటే నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. కొంచెం ఒంపేసి ఇంకాస్త ఐసు వేయాలి. ఇప్పుడు సూదిని గ్లాసు మధ్యలోకి దించి, అంచుకీ అడుగుకీ తగలకుండా పట్టుకుని, మెల్లగా కదుపుతూ అంకె నిలకడగా ఆగేదాకా చూడండి.

నీళ్లు అసలు లేకుండా ఉత్త ఐసులో గుచ్చితే పని జరగదు. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ఐసు సున్నాకన్నా చాలా కింద, మైనస్ 18 దరిదాపుల్లో ఉండవచ్చు. నీళ్లు తగిలి కరగడం మొదలయ్యాకే అది సున్నాకి వస్తుంది. వచ్చాక మాత్రం అక్కడే ఉంటుంది. బయటనుంచి వచ్చే వేడంతా ఐసుని కరిగించడానికే ఖర్చవుతుంది కాబట్టి, గ్లాసులో ఐసూ నీళ్లూ కలిసి ఉన్నంతసేపూ వేడి పెరగదు. బోరు నీళ్లయినా ఫర్వాలేదు, వాటిలోని లవణాలవల్ల వచ్చే తేడా మన థర్మామీటర్‌కి కనిపించనంత చిన్నది. ఉప్పు చేతితో ముట్టుకోకండి, అంతే. ఉప్పు కలిసిన ఐసు సున్నాకన్నా కిందికి దిగిపోతుంది.

మరుగుతున్న నీళ్లలో 100 వస్తుందో లేదో చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. విశాఖపట్నం సముద్రతీరంలో అయితే దాదాపు సరిపోతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకి పైన ఉంది. అక్కడ నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అరకులో ఇంకో డిగ్రీ తక్కువ. ఐసు కరిగే వేడి మాత్రం ఊరునిబట్టి మారదు. నా నమ్మకం అందుకే ఐసు గ్లాసుమీద.

ఇదే గ్లాసు ఇంకో సంగతి కూడా చెబుతుంది. సూది పొడవునా వేడిని పసిగట్టదు. పసిగట్టే భాగం ఎక్కడుందో తెలియకపోతే, ఎంత మంచి థర్మామీటరైనా వంటలో తప్పే చెబుతుంది. అంకెలు వెలిగే డిజిటల్ రకంలో ఆ భాగం కొన దగ్గరే, సాధారణంగా సెంటీమీటరు లోపే ఉంటుంది. గుండ్రటి ముఖం, ముల్లు ఉండే డయల్ రకంలో లోపల రెండు లోహాలు అతికించిన చుట్ట ఉంటుంది. అది కొననుంచి 5, 6 సెంటీమీటర్లదాకా సాగుతుంది. చాలావాటికి చుట్ట ఎక్కడిదాకా ఉందో చెప్పే చిన్న నొక్కు సూదిమీద కనిపిస్తుంది. నొక్కు కనబడకపోతే, కలిపిన ఐసు నీళ్లలోకి సూదిని కొంచెం కొంచెంగా దించుతూ, దించిన ప్రతిసారీ ముల్లు ఆగేదాకా చూడండి. ఏ లోతు దాటాక అంకె ఇక మారదో, వంటలోనూ కనీసం అంత లోతు మునగాలి. పల్చటి కట్లెట్‌లో డయల్ సూదిని పైనుంచి గుచ్చితే సగం చుట్ట గాలిలోనే ఉంటుంది. దాన్ని పక్కనుంచి, అడ్డంగా గుచ్చాలి. డిజిటల్‌కైనా పల్చటి వాటిలో అదే మంచిది, లేకపోతే కొన కిందికి దిగి పెనం వేడిని చూపిస్తుంది.

ఐసులో సున్నా రాకపోతే ఏం చేయాలి? అటూ ఇటూ ఒక డిగ్రీ లోపు తేడా ఇంటి వంటకి పెద్ద లెక్క కాదు. అంతకు మించితే, డయల్ రకంలో ముఖం వెనక ఉన్న నట్టుని స్పానర్‌తో పట్టుకుని, సూది ఐసులో ఉండగానే ముఖాన్ని తిప్పి ముల్లుని సున్నా మీదికి తేవచ్చు. ఫారెన్‌హీట్ అయితే 32 మీదికి. డిజిటల్ వాటిలో కొన్నిటికే సరిదిద్దే బటన్ ఉంటుంది. లేనివాటికి ముందు బ్యాటరీ మార్చి చూడాలి. అప్పటికీ తేడా ఉంటే పరీక్షని మూడుసార్లు చేయండి. ప్రతిసారీ అదే తేడా వస్తే ఆ థర్మామీటర్‌ని వాడుకోవచ్చు. వచ్చిన ప్రతిసారీ వేరే అంకె చూపించేదాన్ని నేనయితే ఉంచుకోను.

మా ఇంట్లో పాతది ఒకటి ఐసులో ఎప్పుడూ 1.5 చూపిస్తుంది. మొన్న దాంతోనే ఓవెన్‌లో కిలోన్నర కోడిని చూశాను. కోడి మాంసం లోపల 74 డిగ్రీలకి చేరాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. మా థర్మామీటర్ ఒకటిన్నర ఎక్కువ చూపిస్తుంది కాబట్టి నేను ఎదురుచూడాల్సిన అంకె 75.5. బోరలో బాగా కండ ఉన్నచోట గుచ్చితే 79 వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే తప్పు చేసేదాన్ని. తొడ ఒంటికి అతుక్కునేచోట, లోపలివైపు గుచ్చితే 77 చూపించింది కానీ, కొన గట్టిగా దేనికో తగిలింది. ఎముక. ఎముకకి తగిలిన అంకె మాంసానిది కాదు. సూదిని కొంచెం వెనక్కి లాగి, దిశ మార్చి కండలోకే దించాను. తర్వాత అంకె కుదురుకునేంత వ్యవధి ఇస్తూ కొంచెం కొంచెంగా బయటికి లాగాను. 73, 70, 69, మళ్లీ 72. ఇలా లాగేటప్పుడు కనిపించే అన్నిటికన్నా తక్కువ అంకే ఆ ముక్కలో వేడి ఆఖరున చేరే చోటు. కోడి మధ్యలోని ఖాళీలోకి కొన దూరినా లెక్క తప్పుతుంది, అక్కడ ఉండేది మాంసం కాదు, వేడి గాలి.

69 అంటే అసలు 67.5. సూదిని సబ్బుతో కడిగి, కోడిని మళ్లీ ఓవెన్‌లో పెట్టాను. పన్నెండు నిమిషాల తర్వాత రెండు తొడల్లోనూ అన్నిటికన్నా తక్కువ అంకె 76 దాటింది.

ఈ ఒకటిన్నర డిగ్రీల తీసివేతని కోడికి వాడుకున్నంత ధైర్యంగా నూనెకి వాడను. ఐసు గ్లాసు చూపించేది సున్నా దగ్గరి తేడానే. 180 దగ్గర అది అంతే ఉండాలని లేదు. అందుకే అదే థర్మామీటర్‌ని మరిగే నీళ్లలోనూ పెట్టి చూశాను, మా హైదరాబాద్ లెక్క 98 అని గుర్తుపెట్టుకుని. గిన్నె అడుగుకి తగలకుండా మధ్యలో పట్టుకుంటే 99.6 వచ్చింది. అక్కడా ఒకటిన్నర దగ్గరే. కాబట్టి పెరుగు తోడు వేసే పాలకీ, 115 దరిదాపుల్లో చూసుకునే పాకానికీ దాన్ని వాడుతున్నాను. బూరెల నూనెకి మాత్రం ఇప్పటికీ చిటికెడు పిండి వేసే చూస్తున్నాను.