డ్యూటీ గంటలు తగ్గవు, రాత గంటలు తగ్గించుకోవచ్చు

నర్సింగ్ చదివే అమ్మాయి సమయాన్ని ఎలా సర్దుకోవాలో చెప్పాలంటే ముందు హాజరు సంగతి చెప్పాలి. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం బీఎస్సీ విద్యార్థి పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు ఉండాలి. క్లినికల్‌లో మాత్రం మిగిలిన 20 శాతం కూడా పూర్తి చేస్తేనే డిగ్రీ ఇస్తారు. అంటే మేనత్త కూతురి పెళ్లికని మానేసిన వార్డు డ్యూటీని ఎప్పటికైనా తిరిగి చేయాల్సిందే. అందుకే తప్పనిసరి శుభకార్యం ఏదైనా ఉంటే, వీలైనంత వరకు క్లినికల్ పోస్టింగ్ లేని రోజులకు సెలవు పెట్టుకోవడం మేలు. చాలామంది ఈ లెక్క చూసుకోకుండా సెలవు పెట్టేసి, ఆఖరి సెమిస్టర్‌లో పాత డ్యూటీలన్నీ ఒకేసారి చేస్తూ కుంగిపోతారు.

ఇంటి నుంచి కాలేజీకి వచ్చిపోయే ఒక మూడో ఏడాది అమ్మాయి వారాన్ని లెక్కేద్దాం. వారంలో ఆరు రోజులు, రోజుకు ఆరు గంటలు వార్డు, రెండు గంటలు క్లాసు, రానూపోనూ రెండు గంటలు బస్సు. నిద్ర ఏడు గంటలు, స్నానం, తిండి రెండు గంటలు. వంటలో అమ్మకు సాయం, తమ్ముడి చదువు, నాన్నమ్మ మందులు కలిపి ఇంటిపని మూడు గంటలు. మామూలు రోజున ఇక మిగిలేది రెండే గంటలు. ఆదివారం పన్నెండు. ఈ రెండు గంటల్లోనే చదువుకోవాలి, కేర్ ప్లాన్ రాయాలి, డ్రగ్ బుక్, లాగ్ బుక్ పూర్తి చేయాలి. కేర్ ప్లాన్ ఒక్కటే నాలుగు గంటలు పడితే ఆ రాత్రి నిద్రలోంచి రెండు గంటలు పోయినట్టే. సమయం దొరికే చోటు కూడా ఇదే. వార్డు గంటలను, బస్సు గంటలను మనం తగ్గించలేం. రాతకు పట్టే గంటలను తగ్గించుకోవచ్చు.

కేర్ ప్లాన్‌కు అన్ని గంటలు ఎందుకు పడతాయి? చెయ్యి నెమ్మదై కాదు. వార్డులో చూడాల్సింది చూడకుండా ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకోవడం వల్ల. పేషెంటు ఏమన్నాడో గుర్తుండదు. మందు ఇచ్చాక శ్వాస ఎంత తగ్గిందో ఎవరూ చూసి ఉండరు. దాంతో స్నేహితురాలి రికార్డు ముందు పెట్టుకుని కల్పించి రాస్తారు. టైమూ పోతుంది, నేర్చుకున్నదీ ఉండదు. ఇంకా పెద్ద నష్టం ఏమిటంటే, కల్పించి రాసే అలవాటు రేపు స్టాఫ్ నర్సు అయ్యాక కేస్ షీట్ దాకా వస్తుంది.

నిమోనియాతో చేరిన ఒక పెద్దాయనను ఆ అమ్మాయికి అప్పగించారనుకుందాం. ఉదయం నైట్ సిస్టర్ డ్యూటీ అప్పగించేటప్పుడే జేబులోని చిన్న పుస్తకంలో రెండు గడులు గీసుకోవాలి. మొదటిది పేషెంటు చెప్పిన మాటకు, రెండోది తను చూసి, కొలిచినదానికి. ‘కఫం బయటికి రావట్లేదమ్మా, పడుకుంటే ఊపిరాడట్లేదు’ అని ఆయన అన్నది ఉన్నదున్నట్టు మొదటి గడిలో రాసుకోవాలి. శ్వాస నిమిషానికి 28, ఆక్సిజన్ 91 శాతం అన్నవి రెండో గడిలోకి వెళ్తాయి. అక్కడికి నర్సింగ్ డయాగ్నసిస్ దాదాపు తేలిపోయింది: కఫం పేరుకుని శ్వాసమార్గం శుభ్రపడటం లేదు. తలవైపు మంచం ఎత్తి సెమీ ఫౌలర్ పొజిషన్‌లో కూర్చోబెట్టడం, డాక్టర్ రాసిన నెబ్యులైజేషన్ ఇవ్వడం, గట్టిగా ఊపిరి తీసి దగ్గించడం ఆమె చేసే పనులు. తల ఎత్తితే డయాఫ్రమ్ కిందికి దిగి ఊపిరితిత్తులు విచ్చుకుంటాయన్నది ఆ పనికి కారణం. చేస్తున్నప్పుడే ఒక్క మాటలో రాసుకుంటే రాత్రి పుస్తకాలు తిరగేసే పని ఉండదు.

ఎక్కువమంది వదిలేసేది చివరి మెట్టు. డ్యూటీ ముగిసేలోపు మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లి శ్వాస, ఆక్సిజన్ కొలవాలి. శ్వాస 24కి దిగి, ఆక్సిజన్ 94కి చేరితే అదే మీ ఎవాల్యుయేషన్. మార్పేమీ లేకపోతే అదీ ఎవాల్యుయేషనే. అది రికార్డులో రాయడంతో ఆగకుండా వెంటనే సిస్టర్‌కు చెప్పాలి. ఇలా తెచ్చుకున్న వివరాలతో ఇంటి దగ్గర మిగిలేది సాపు రాయడమే. ఒక జాగ్రత్త: ఆ పుస్తకంలో పేషెంటు పేరు రాయకండి, బెడ్ నంబరు చాలు. కేస్ షీట్‌ను ఫోన్‌లో ఫొటో తీయడం అసలే వద్దు.

నైట్ డ్యూటీ వారంలో లెక్క మారిపోతుంది. అప్పుడు కాపాడుకోవాల్సింది నిద్ర. మొదటి రాత్రికి వెళ్లే ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోవాలి. కాఫీలోని కెఫిన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి రాత్రి రెండు దాటాక కాఫీ, టీలు వద్దు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు శరీరం బాగా మందగించే సమయం. ఆ వేళలో మందు డోసు లెక్కను సిస్టర్‌కు చూపించకుండా ముందుకు పోవద్దు. ఇంటికొచ్చాక తేలిగ్గా తిని, కిటికీలు మూసి తొమ్మిదిన్నరకల్లా పడుకుంటే మధ్యాహ్నం రెండున్నర దాకా ఐదు గంటలు వస్తుంది. మిగిలిన గంటన్నర సాయంత్రం బయల్దేరే ముందు పడుకోవాలి. స్కూటీ మీద వెళ్లేవాళ్లు ఆ వారం బస్సెక్కితే మంచిది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం బండి నడిపేవారికి పెట్టిన పరిమితి 0.03 శాతమే.

పగటి నిద్రకు అడ్డం వచ్చేది ఎండ కన్నా ఇల్లు. పొద్దెక్కాక ఆడపిల్ల పడుకుంటే ఇంటికి మంచిది కాదనే మాట ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పెళ్లై అత్తగారింటి నుంచి చదువుకునేవాళ్లకైతే ఇది మరీ కష్టం. నోటితో వాదించేకన్నా నెల డ్యూటీ చార్టు తెచ్చి వంటింటి గోడకు అంటించండి. నైట్ రోజులను ఎర్ర ఇంకుతో దిద్ది, పక్కన ‘పడుకునే వేళ 9.30–2.30’ అని రాయండి. సాయం కూడా పేరు పెట్టి అడగాలి. ‘నాకు కాస్త సాయం చేయండి’ అంటే ఎవరూ కదలరు. ‘ఈ వారం నాన్నమ్మ రాత్రి మాత్రలు నువ్వు వెయ్యరా తమ్ముడూ’ అంటే ఆ పని ఒకరి మీద పడుతుంది.

ఎంత సర్దుకున్నా తగ్గని ఒత్తిడి ఒకటి ఉంది. నిన్న కబుర్లు చెప్పిన పేషెంటు ఇవాళ బెడ్ మీద లేకపోవడం. మొదటి మరణం చూసిన రోజున వెంటనే పుస్తకం పట్టుకోకండి. అదే వార్డులో ఉన్న ట్యూటర్‌తోనో సీనియర్‌తోనో ఏం జరిగిందో, తను ఏం చేసిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పుకోవాలి. ‘నేను సరిగ్గా చూడలేదేమో’ అన్న అనుమానం లోపలే ఉంటే పెరుగుతుంది. జరిగింది తెలిసినవాళ్ల ముందు బయటపెడితే ఎక్కడ ఏమైందో స్పష్టపడుతుంది.

రెండు వారాలు గడిచినా నిద్ర పట్టకపోయినా, డ్యూటీ అనగానే ఏడుపొస్తున్నా, అన్నం సహించకపోయినా అది టైమ్ టేబుల్‌తో తీరే బాధ కాదు. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.