ఆ జవాబు రౌటర్ ఇచ్చిందేనా?

విండోస్ లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `arp -a` అని కొడితే ఒక చిన్న పట్టిక వస్తుంది. ఎడమవైపు ఐపీ చిరునామాలు ఉంటాయి. వాటి పక్కనే జంటలు జంటలుగా పన్నెండేసి అంకెలు, అక్షరాలు ఉంటాయి. మనం ఏ వెబ్‌సైటు తెరిచినా, ఎవరికి మెయిల్ పంపినా, మన కంప్యూటర్ ముందు ఈ పట్టికే చూసుకుంటుంది. ఇందులో ఒక్క వరుస తప్పయితే చాలు, మన ఇంటర్నెట్ రాకపోకలన్నీ పక్కగదిలోని వేరొకరి కంప్యూటర్ గుండా సాగుతాయి. మనకేమో పేజీలు ఎప్పటిలాగే తెరుచుకుంటూనే ఉంటాయి. ఆ వరుసను తప్పుగా రాయించే పనినే ఏఆర్‌పీ స్పూఫింగ్ అంటారు.

ఒకే వైఫై కింద ఉన్న ప్రతి పరికరానికీ రెండు చిరునామాలుంటాయి. ఐపీ చిరునామా రౌటర్ ఇచ్చేది, ఇవాళ ఒకటి ఉంటే రేపు మరొకటి కావచ్చు. మ్యాక్ చిరునామా నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే పడేది, 48 బిట్ల పొడవుంటుంది. ఇంటర్నెట్‌లో దూరప్రయాణం ఐపీ చిరునామాను బట్టి సాగుతుంది కానీ, ఒకే నెట్‌వర్క్‌లో ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి ప్యాకెట్ చేరాలంటే కావలసింది మ్యాక్ చిరునామాయే. అందుకే రౌటర్ ఐపీ తెలిసినా దాని మ్యాక్ తెలియని లాప్‌టాప్, నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఒక ప్రశ్న వేస్తుంది: 192.168.1.1 ఎవరిది? 192.168.1.23కి చెప్పండి. ఆ ఐపీ ఎవరిదో వాళ్లు తమ మ్యాక్ చెబుతారు. లాప్‌టాప్ దాన్ని పట్టికలో రాసుకుని కొద్దిసేపు వాడుకుంటుంది. ఈ ప్రశ్నోత్తరాల పద్ధతి పేరే అడ్రస్ రిజల్యూషన్ ప్రోటోకాల్, పొట్టిగా ఏఆర్‌పీ.

దీన్ని 1982 నవంబరులో డేవిడ్ ప్లమర్ ఆర్ఎఫ్‌సీ 826 అనే పత్రంలో రాశాడు. అప్పటి నెట్‌వర్కులు విశ్వవిద్యాలయాల్లోనూ పరిశోధనశాలల్లోనూ ఉండేవి. ఒకే తీగ మీద ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకే జవాబిచ్చింది నిజంగా ఆ ఐపీ గలవాడేనా అని సరిచూసే ఏర్పాటు అందులో లేదు. సంతకం లేదు, రహస్య సంకేతం లేదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. అడగకుండానే వచ్చిన జవాబును కూడా చాలా యంత్రాలు నమ్మి, పట్టికలో అప్పటికే ఉన్న వరుసను దిద్దుకుంటాయి. హాస్టల్ వరండాలో కొరియర్ అబ్బాయి 23వ నంబరు గది ఎవరిదని కేక వేస్తే, ముందుగా చెయ్యెత్తినవాడికి పార్సిల్ ఇచ్చేసి వెళ్లినట్టే ఇది. గుర్తింపు కార్డు అడగడమన్న అలవాటే అక్కడ లేదు.

ఒక హాస్టల్‌నే తీసుకుందాం. అమీర్‌పేటలోనో మాదాపూర్‌లోనో ఒక వైఫై, ఒకే పాస్‌వర్డు, యాభై మంది కుర్రాళ్లు. రౌటర్ ఐపీ 192.168.1.1, దాని మ్యాక్ 01తో ముగుస్తుంది. చదువుకునే అబ్బాయి లాప్‌టాప్ ఐపీ 192.168.1.23, మ్యాక్ చివర 17. పై అంతస్తులో దొంగబుద్ధితో ఉన్న ఇంకొకడి లాప్‌టాప్ ఐపీ 192.168.1.37, మ్యాక్ చివర 25. ఈ మూడో మనిషి రెండు అబద్ధాలు పంపుతాడు. లాప్‌టాప్‌కు: 192.168.1.1 మ్యాక్ చివర 25. రౌటర్‌కు: 192.168.1.23 మ్యాక్ చివర కూడా 25. ఇద్దరూ పట్టికలు దిద్దుకుంటారు. ఆ క్షణం నుంచి అబ్బాయి పంపేదంతా ముందు మూడోవాడికి చేరుతుంది, అక్కడి నుంచి రౌటర్‌కు వెళ్తుంది. తిరిగి వచ్చేదీ అదే దారి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ప్యాకెట్ లోపల రాసిన గమ్యం మారదు. అది బ్యాంకు సర్వర్ ఐపీకే వెళ్తుంటుంది. మారింది పై తొడుగు మీది మ్యాక్ మాత్రమే. నెట్‌వర్క్ స్విచ్ ఉంటే ఇలాంటివి జరగవని చాలామంది అనుకుంటారు. స్విచ్ ప్యాకెట్‌ను అందరికీ పంచదు, పైన రాసిన మ్యాక్ ఎవరిదో వాళ్లకే ఇస్తుంది. నిజమే, కానీ ఇక్కడ రాసిందే మూడోవాడి మ్యాక్. స్విచ్ తన పని తాను నిజాయితీగా చేస్తూనే అతని చేతికి అందిస్తుంది. వైఫై పాస్‌వర్డు కూడా ఇందులో అడ్డురాదు, ఎందుకంటే అది అతనికి ముందే తెలుసు.

పట్టికలోని వరుసలు ఎక్కువసేపు నిలవవు. విండోస్, లినక్స్ రెండూ నిమిషం లోపే వాటిని మళ్లీ సరిచూసుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు అసలు రౌటర్ నిజం చెప్పేస్తుంది. అందుకే దాడి చేసేవాడు ఒక్కసారి అబద్ధమాడి ఊరుకోలేడు, కొద్ది సెకన్లకోసారి అదే జవాబు పంపుతూనే ఉండాలి. అతన్ని పట్టించేది ఈ పునరావృతమే. ఇంకో సంగతి, వచ్చిన ప్యాకెట్లను అతను ముందుకు పంపకుండా పారేస్తే అవతలి అబ్బాయికి నెట్ పూర్తిగా ఆగిపోతుంది. హాస్టళ్లలో ఒకరి నెట్ ఒకరు కోసేసుకోవడానికి వాడే నెట్‌కట్ అనే ప్రోగ్రామ్ చేసేది ఇదే. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తున్నా, అందరికీ నెట్ వస్తున్నా, ఒక్కరికి మాత్రం రాకపోతే దీన్నీ అనుమానించాలి.

మధ్యలో కూర్చున్నవాడికి ఏం కనబడుతుంది? బ్యాంకు పాస్‌వర్డు కనబడదు. బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్ ఉన్నంతవరకూ లోపలి సమాచారం తాళంలో ఉంటుంది. కానీ ఏ సైటుకు వెళ్తున్నారో, ఎప్పుడు, ఎంతసేపు ఉన్నారో సాధారణంగా తెలిసిపోతుంది. సైటు పేరుకు తప్పుడు ఐపీ ఇచ్చి నకిలీ పేజీకి మళ్లించే ప్రయత్నమూ చేయగలడు. అప్పుడు బ్రౌజర్ సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిస్తుంది. దాన్ని లెక్కచేయకుండా ముందుకు నొక్కితే తాళం మనమే తీసి ఇచ్చినట్టు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది బ్యాంకు సైటు కాదు, ఇంట్లోని పరికరాలు. చాలా రౌటర్ల సెట్టింగుల పేజీ, పాత సీసీటీవీ కెమెరాల పేజీ ఇప్పటికీ తాళం లేని హెచ్‌టీటీపీ మీదే తెరుచుకుంటాయి. ఆ సమయంలో అందులో కొట్టిన అడ్మిన్ పాస్‌వర్డు మధ్యవాడికి అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. రౌటర్ అతని చేతికి చిక్కాక ఏఆర్‌పీతో అతనికి పనే ఉండదు.

ఇక కనిపెట్టడం. దాడి జరిగేటప్పుడు ఆ అబ్బాయి విండోస్ లాప్‌టాప్‌లో `arp -a` కొడితే ఇలా కనబడుతుంది:

```
  192.168.1.1     00-00-5e-00-53-25     dynamic
  192.168.1.37    00-00-5e-00-53-25     dynamic
```

రెండు ఐపీలకు ఒకే మ్యాక్. రౌటర్ వరుసలో ఉండాల్సింది 01, ఉన్నది 25. రెండో వరుస ప్రతిసారీ ఉండకపోవచ్చు. దాడి చేసేవాడి ఐపీతో మన యంత్రానికి పనిపడకపోతే అది పట్టికలోకే రాదు. అందుకే ఒకే మ్యాక్ రెండుసార్లు ఉందా అని చూడటం కన్నా, రౌటర్ అసలు మ్యాక్ ముందే రాసిపెట్టుకుని పోల్చి చూడటం నమ్మకమైన పద్ధతి. రౌటర్ అడుగున అంటించిన చీటీ మీద మ్యాక్ ఉంటుంది గానీ, లోపలివైపు వాడేది దానికి ఒకటో రెండో తేడాగా ఉండవచ్చు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు పట్టికలో కనిపించినదాన్నే రాసుకోవడం మేలు. లినక్స్‌లో ఇదే పట్టిక `ip neigh` అంటే వస్తుంది.

రెండో గుర్తు దారిలో కనిపిస్తుంది. `tracert -d 8.8.8.8` కొడితే ప్యాకెట్ దాటే మజిలీలు వరుసగా వస్తాయి. మామూలుగా మొదటి మజిలీ 192.168.1.1. అక్కడ 192.168.1.37 కనిపించి, రౌటర్ రెండో స్థానానికి జరిగిందంటే మధ్యలో ఒకరున్నట్టే. కాకపోతే కొన్ని దాడి ప్రోగ్రాములు తమ మజిలీ లెక్కలోకి రాకుండా ప్యాకెట్లను దాటిస్తాయి. కాబట్టి ఇక్కడ తేడా కనబడితే అనుమానం బలపడుతుంది, కనబడకపోతే మాత్రం ఏమీ రుజువు కాదు.

అబద్ధం పదేపదే రావాలన్నాం కదా, అది వైర్‌షార్క్‌లో చక్కగా దొరుకుతుంది. పై గడిలో `arp` అని ఫిల్టర్ పెట్టి రెండు నిమిషాలు చూస్తే, ఎవరూ అడగకుండానే 192.168.1.1 మ్యాక్ ఫలానా అంటూ ఒకే లయలో జవాబులు వచ్చిపడుతుంటాయి. ఒకే ఐపీకి రెండు మ్యాక్‌లు కనిపిస్తే వైర్‌షార్క్ తనే `duplicate use of 192.168.1.1 detected!` అని రాస్తుంది. ఆఫీసుల్లో అయితే `arpwatch` అనే ప్రోగ్రామ్ రోజంతా ఈ కాపలా కాస్తుంది. ఒక ఐపీ రెండు మ్యాక్‌ల మధ్య అటూ ఇటూ ఊగితే `flip flop` అని మెయిల్ పంపుతుంది. నిజమైన రౌటరూ దొంగా పోటీపడి జవాబులిస్తున్నప్పుడు వచ్చే గుర్తు ఇది.

తేడా కనిపించగానే దొంగ దొరికాడని కేకలు పెట్టకూడదు. రౌటర్ మార్చినా మ్యాక్ మారుతుంది. వైఫై రేంజి పెంచే కొన్ని ఎక్స్‌టెండర్లు తమ వెనకున్న పరికరాలన్నిటికీ తమ మ్యాకే చూపిస్తాయి, అక్కడ ఒకే మ్యాక్ నాలుగు ఐపీల పక్కన కనిపించినా నేరమేమీ లేదు. పెద్ద ఆఫీసుల్లో ఒక రౌటర్ ఆగిపోతే ఇంకోటి ఆ స్థానంలోకి వస్తూ, అడగకుండానే ఏఆర్‌పీ ప్రకటన చేస్తుంది. ఇదంతా మామూలే. తిరకాసు రెండోవైపు కూడా ఉంది. దాడి మీ ఫోన్ మీద మాత్రమే జరుగుతుంటే మీ లాప్‌టాప్ పట్టిక శుభ్రంగానే ఉంటుంది. ఎవరి పట్టిక చెడిందో అక్కడే చూడాలి.

నివారణ అసలు నెట్‌వర్క్ నడిపేవాళ్ల చేతుల్లో ఉంది. మేనేజ్డ్ స్విచ్‌లలో డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్ అనే ఏర్పాటు ఉంటుంది. ఏ ఐపీ ఏ మ్యాక్‌కు ఇచ్చారో స్విచ్ జాబితా పెట్టుకుని, దానికి సరిపడని ఏఆర్‌పీ జవాబును అక్కడికక్కడే పారేస్తుంది. చిన్న వైఫై రౌటర్లలో ఏపీ ఐసొలేషన్ అని ఒక మీట ఉంటుంది. అది వేస్తే ఒక ఫోన్ ఇంకో ఫోన్‌తో నేరుగా మాట్లాడలేదు, ఈ దాడికి దారి చాలావరకు మూసుకుపోతుంది. లాప్‌టాప్‌లో రౌటర్ మ్యాక్‌ను స్థిరంగా రాసిపెట్టవచ్చు గానీ అది సగం రక్షణే. మన పట్టిక చెడదు, రౌటర్ పట్టిక మాత్రం చెడవచ్చు.

అనుమానం బలపడితే ఆ వైఫై వదిలి మొబైల్ డేటాకు మారండి, పట్టికను ఫొటో తీసిపెట్టండి, రౌటర్ చూసుకునేవారికి ఆ 25తో ముగిసే మ్యాక్ చూపించండి. ఇతరుల రాకపోకలను ఇలా మళ్లించడం, వాళ్ల నెట్ ఆపడం సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కిందికి వస్తాయి. శిక్ష మూడేళ్ల జైలు దాకా, జరిమానా అయిదు లక్షల దాకా ఉండవచ్చు. హాస్టల్, లాడ్జి, కోచింగ్ సెంటర్ నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: మీ రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ ఐసొలేషన్ మీట వేయండి. చాలా రౌటర్లలో అది ఉచితంగానే ఉంది.