ఒక గడువు, రెండు గడియారాలు

ఎగుమతి ఒప్పందంలో తేదీ ఒక్కటే రాస్తే గడువు సగమే తేలినట్టు. విశాఖపట్నంలో నవంబర్ 27 మొదలయ్యే వేళకు న్యూయార్క్‌లో ఇంకా 26 మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అక్కడ 27 ముగిసేసరికి ఇక్కడ 28 ఉదయం పదిన్నర దాటుతుంది. "27లోగా" అన్నప్పుడు ఎవరి 27 అన్నది ముందే తేల్చుకోకపోతే, రెండు పక్షాలూ తమ లెక్క సరైనదేనని నమ్ముతూ దాదాపు అర రోజు తేడాతో పని చేస్తాయి.

భారత కాలమానం ఏడాది పొడుగునా మారదు. అమెరికాలో చాలా ప్రాంతాలు మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తాయి. అందుకే న్యూయార్క్ మనకంటే వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. ఐరోపాలో ఈ మార్పు మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో జరుగుతుంది. కాబట్టి 2026 మార్చిలో 8 నుంచి 29 వరకు అమెరికా గడియారం మారి, లండన్ గడియారం మారకుండా ఉంటుంది. రెండు చోట్లా కొనుగోలుదారులున్న సంస్థ పాత తేడాలతోనే లెక్క కడితే ఆ మూడు వారాల్లో ఒకరితో గంట తప్పుతుంది. ఉత్తరాల్లో సమయానికి పక్కన పొట్టి అక్షరాలు పెట్టడం కన్నా ఊరి పేరు రాయడం మేలు. IST అంటే భారతీయులకు భారత సమయం. ఐర్లండ్, ఇజ్రాయెల్ కూడా తమ సమయానికి అవే మూడు అక్షరాలు వాడతాయి. తేదీలోనూ నెలను పేరుతోనే రాయాలి. 05/12 అన్నది ఇక్కడ డిసెంబర్ 5, అమెరికాలో మే 12.

సెలవుల విషయం ఇంతకంటే చిక్కైనది, ఎందుకంటే ప్రభుత్వ క్యాలెండర్ మొత్తం నిజం చెప్పదు. అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, ఫెడరల్ సెలవు. మర్నాటి శుక్రవారం ఆ జాబితాలో ఉండదు, అయినా చాలా ఆఫీసుల్లో ఫోన్ ఎత్తే మనిషి దొరకడు. జపాన్‌లో ఆగస్టు మధ్యలో వచ్చే ఓబొన్ రోజులు జాతీయ సెలవులు కావు, కానీ ఎన్నో సంస్థలు మూసేస్తాయి. చైనాలో దీనికి తిరగబడిన పరిస్థితి కూడా ఉంది: పండుగకు వరుస సెలవులిచ్చి, బదులుగా ఒకటి రెండు శని ఆదివారాలను పనిదినాలు చేస్తారు. 2025 జాతీయ దినోత్సవ సెలవుల కోసం సెప్టెంబర్ 28 ఆదివారం అక్కడ ఆఫీసులు నడిచాయి. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు కావడంతో మన సోమ–శని వారంతో కలిసే రోజులు నాలుగే. రంజాన్ పండుగ తేదీ నెలవంక కనిపించాకే ఖరారవుతుంది గనుక ఆ వారంలో ఒక రోజు అటూ ఇటూ వదిలి షెడ్యూలు వేసుకోవాలి. మన వైపు సెలవులూ అవతలివారికి తెలియవు. సంక్రాంతికి ప్యాకింగ్ కార్మికులు, లారీ డ్రైవర్లు ఊళ్లకు వెళ్తే ప్లాంటు ఎన్ని రోజులు మందగిస్తుందో చెప్పాల్సింది ఇక్కడి ఎగుమతిదారే.

ఒక సరుకు లెక్క చూద్దాం. విశాఖ నుంచి న్యూయార్క్ కొనుగోలుదారుకు ఒక కంటైనర్ గడ్డకట్టించిన రొయ్యలు వెళ్లాలి. ఓడలోకి ఎక్కించేది 2026 నవంబర్ 28 శనివారం ఉదయం 6 గంటలకు, ఓడ నేరుగా అమెరికా వెళ్తుందనుకుందాం. సముద్రం మీద వచ్చే సరుకు వివరాలను, దాన్ని ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే దిగుమతిదారు అమెరికా కస్టమ్స్‌కు సమర్పించాలి. దీన్ని ఇంపోర్టర్ సెక్యూరిటీ ఫైలింగ్ అంటారు. ఆలస్యమైనా, వివరాలు తప్పినా 5,000 డాలర్ల వరకు భారం పడవచ్చు. సమర్పించేది అక్కడి కస్టమ్స్ బ్రోకరే అయినా తయారీదారు చిరునామా, సరుకు కోడ్, కంటైనర్ నింపిన చోటు వంటి వివరాలు వెళ్లాల్సింది మాత్రం ఇక్కడి నుంచే.

శనివారం 6 గంటల నుంచి 24 గంటలు వెనక్కి వెళ్తే శుక్రవారం ఉదయం 6. ఎగుమతిదారు తన గడియారం చూసుకుని గురువారం సాయంత్రం పంపినా సరిపోతుందనుకుంటాడు. కానీ ఆ క్షణం న్యూయార్క్‌లో 26 గురువారం సాయంత్రం 7:30. అది థ్యాంక్స్‌గివింగ్ రోజు. బ్రోకర్ ఆఫీసులో చివరి పనిదినం 25 బుధవారం; అక్కడ సాయంత్రం 5 అంటే ఇక్కడ గురువారం తెల్లవారుజాము 3:30. బ్రోకర్‌కు చదివి, తప్పుంటే అడిగి, సరిచేసుకునే వ్యవధి కావాలంటే బుధవారం ఉదయం అతను కుర్చీలో కూర్చునేసరికే, అంటే మన రాత్రి 7:30కే వివరాలు చేరి ఉండాలి. ఇక్కడి సిబ్బంది ఇంటికి వెళ్లేముందు పని పూర్తవ్వాలంటే అసలు గడువు బుధవారం మధ్యాహ్నం. కాగితం మీది శుక్రవారం అలా రెండు రోజులు వెనక్కి జరుగుతుంది. కంటైనర్ మధ్యలో కొలంబోలో ఓడ మారితే అమెరికా వెళ్లే ఓడలోకి ఎక్కించే సమయం నుంచి లెక్క కట్టాలి. శ్రీలంక సమయం మనదే కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం.

చెల్లింపు లెటర్ ఆఫ్ క్రెడిట్ ద్వారా అయితే మరో మెలిక ఉంది. 2007 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ వాణిజ్య మండలి నిబంధనలు, యూసీపీ 600, ప్రకారం పత్రాలు సమర్పించే చివరి రోజు బ్యాంకు సెలవైతే గడువు తరువాతి బ్యాంకు పనిదినానికి జరుగుతుంది. ఓడలోకి సరుకు ఎక్కించే చివరి తేదీ మాత్రం సెలవు వచ్చిందని జరగదు. ఆ తేదీ సంక్రాంతి రోజున పడితే సరుకు ఆ రోజుకో, అంతకు ముందో ఓడ ఎక్కాల్సిందే. ఎక్కకపోతే బ్యాంకు పత్రాలను తిరస్కరించవచ్చు. ఎల్‌సీ ముసాయిదా వచ్చిన రోజే ఈ తేదీని మన పండుగలతో సరిచూసి, అవసరమైతే సవరణ అడగాలి. ఎల్‌సీ తెరిచాక సవరణకు కొనుగోలుదారు, బ్యాంకు ఇద్దరూ ఒప్పుకోవాలి, రుసుమూ కట్టాలి.

ఖరారు ఉత్తరంలో ప్రతి గడువుకూ మూడు సంగతులు ఉండాలి: ఏ పని, ఏ ఊరి గడియారం ప్రకారం, అవతలి ఊళ్లో అది ఏ వారం ఎన్ని గంటలు. పై ఉదాహరణకు అది ఇలా ఉంటుంది: "సెక్యూరిటీ ఫైలింగ్ గడువు విశాఖ సమయం 27 నవంబర్ 2026 శుక్రవారం 06:00, న్యూయార్క్ సమయం 26 నవంబర్ గురువారం 19:30. మీ ఆఫీసు 26, 27 తేదీల్లో తెరిచి ఉంటుందా?" "అర్ధరాత్రిలోగా" అన్న మాట వాడకుండా 23:59 అని రాస్తే ఏ రోజు అర్ధరాత్రి అన్న వివాదం రాదు. జవాబుగా వచ్చే "ఓకే"ను ఖరారుగా తీసుకోకూడదు. అవతలి వ్యక్తి తన ఊరి సమయాన్ని, తన ఆఫీసు సెలవులను తానే రాసి పంపాలి. ఆ రెండూ మన లెక్కతో కలిస్తేనే గడువు ఇద్దరికీ ఒకటే అర్థమైందని తెలుస్తుంది.

ఓడల తేదీలు తరచూ మారుతుంటాయి. మారిన ప్రతిసారీ పాత తేదీకి రోజులు కలిపి ఊరుకోకుండా లెక్క మొదటి నుంచీ కట్టాలి. పై ఓడ రెండు రోజులు ఆలస్యమై 30 సోమవారం ఉదయం 6 గంటలకు లోడింగ్ అనుకుంటే, 24 గంటల గడువు ఆదివారం ఉదయం 6కు, న్యూయార్క్‌లో శనివారం సాయంత్రం 7:30కు మారుతుంది. రెండు రోజులు కలిసొచ్చాయనిపిస్తుంది. కానీ బ్రోకర్ శుక్రవారం కూడా ఆఫీసు మూసేస్తే, వివరాలు చేరాల్సిన రోజు మళ్లీ ఆ 25 బుధవారమే.