ఫోన్ కెమెరా కింద పుస్తకం: మెరుపు పోవాలి, అక్షరం నిలవాలి

2020 లాక్‌డౌన్ రోజుల్లో ఒక టీచరు ఫొటో దేశమంతా తిరిగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ట్రేను రెండు డబ్బాల మీద ఆనించి, దాని మీద ఫోన్‌ను బోర్లా పెట్టి, కింద కాగితం మీద రాస్తూ ఆమె ఆన్‌లైన్‌లో పాఠం చెబుతున్నారు. ఇప్పుడు ఆ డబ్బాల అవసరం లేదు. టేబుల్ అంచుకు బిగించే క్లాంపు స్టాండ్లు అంతటా దొరుకుతున్నాయి. అయినా పిల్లల వైపు నుంచి రెండు ఫిర్యాదులు ఆగడం లేదు. ఒకటి, పేజీ మధ్యలో తెల్లటి మెరుపు పడి అక్షరాలు మాయమవుతున్నాయని. రెండోది, రాస్తుండగా బొమ్మ మాటిమాటికీ మసకబారుతోందని. ఈ రెంటికీ ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోన్ ఎంత ఎత్తులో ఉంది, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, ఫోకస్ ఎక్కడ నిలిచింది అనే మూడు సంగతులు, అదే వరసలో సరిచేసుకుంటే చాలు.

హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని అమెరికాలోని పిల్లలకు వారాంతాల్లో తెలుగు రాయడం నేర్పే టీచరును ఉదాహరణగా తీసుకుందాం. కెమెరా స్పష్టతకు ఇంతకంటే గట్టి పరీక్ష లేదు. ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఉండే చిన్న గీతే. బొమ్మ కాస్త అలికినట్టుగా ఉన్నా ఆ గీత కనబడదు. పిల్లవాడు ‘ధనం’ బదులు ‘దనం’ రాస్తే తప్పు వాడిది కాదు.

ముందు ఎత్తు చూసుకోవాలి

చాలామంది చేసే మొదటి పని పేజీ మొత్తం కెమెరాలో పట్టించడం. అక్కడే నష్టం మొదలవుతుంది. నిలువుగా ఉన్న ఏ4 కాగితం పొడవు 29.7 సెంటీమీటర్లు. వీడియో చట్రమేమో అడ్డంగా ఉంటుంది. పిల్లవాడు ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూస్తున్నా తెర ఎత్తు ఏడు సెంటీమీటర్లకు మించదు. అంటే దాదాపు ముప్పై సెంటీమీటర్ల కాగితం ఏడింటిలోకి కుదించుకుపోతుంది. మీరు ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తున రాసిన అక్షరం అక్కడ రెండు మిల్లీమీటర్లయినా ఉండదు. అదే, కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు మాత్రమే చట్రంలో పట్టేలా చూపిస్తే ఆ అక్షరం నాలుగున్నర మిల్లీమీటర్ల దాకా కనిపిస్తుంది. పేజీలో సగంకన్నా తక్కువే కెమెరా కింద ఉంటుంది, రాసే కొద్దీ కాగితాన్ని పైకి జరుపుకోవాలి. అక్షరం చదవగలిగేలా ఉండాలంటే ఆ మాత్రం శ్రమ తప్పదు.

ఫోన్ మెయిన్ కెమెరా ఎంత ఎత్తులో ఉంటే, వీడియోలో దాదాపు అంతకన్నా కాస్త ఎక్కువ వెడల్పు కనబడుతుంది. కాబట్టి 21 సెంటీమీటర్ల కోసం ఫోన్‌ను 18 సెంటీమీటర్ల ఎత్తుకు దించాలనిపిస్తుంది. అలా దించవద్దు. చెయ్యి ఆడే చోటు ఉండదు, ఫోన్ నీడ పేజీ మీద పడుతుంది, కొన్ని ఫోన్లకు అంత దగ్గర వస్తువు మీద ఫోకసే కుదరదు. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచి, 1.7 రెట్ల దాకా జూమ్ చేస్తే అదే వెడల్పు వస్తుంది. జూమ్ చేసేటప్పుడు బొమ్మ ఒక్కసారి గెంతినట్టయితే ఫోన్ వేరే లెన్సుకు మారిందని గుర్తు. అప్పుడు జూమ్ కొద్దిగా తగ్గించి, మళ్లీ మెయిన్ కెమెరాకే రావాలి.

స్టాండు విషయంలో ఒక జాగ్రత్త. మీరు రాసే టేబుల్‌కే క్లాంపు బిగిస్తే, కలం నొక్కినప్పుడల్లా ఫోన్ ఊగుతుంది. వీలైతే పక్కనున్న అరకో, వేరే బల్లకో బిగించండి. వంగే మెడ ఉన్న స్టాండు బరువుకు మెల్లగా కిందికి దిగుతుంది గనుక మెడను వీలైనంత పొట్టిగా ఉంచాలి. ఫోన్ బల్లకు సమాంతరంగా పడుకుని ఉన్నప్పుడు ఏది పైవైపో దానికి తెలియదు. బొమ్మ నిలువుగానో తలకిందులుగానో తిరుగుతుంది. అందుకే ఫోన్‌ను ముందు అడ్డంగా నిలబెట్టి పట్టుకుని, తెర తిరిగాక ఆటో రొటేట్ ఆపేసి, ఆ తర్వాత స్టాండులో పెట్టాలి. ఐఫోన్‌లో ఈ తాళం నిలువు వైపే పడుతుంది కాబట్టి, దాన్ని స్టాండులో కొద్దిగా వాలుగా ఉంచడం మేలు.

మెరుపు ఎక్కడి నుంచి వస్తోంది?

పేజీ మీద తెల్ల మరక కనబడగానే వెలుతురు ఎక్కువైందనుకుని లైటు తగ్గిస్తాం. మరక పోదు, మిగతా పేజీ మాత్రం చీకటిబారుతుంది. సమస్య వెలుగు ఎంత ఉందన్నది కాదు, ఏ కోణంలో వస్తోందన్నది. నునుపైన కాగితం కొంత మేరకు అద్దంలా పనిచేస్తుంది. వెలుగు ఏ కోణంలో పడితే అదే కోణంలో అవతలి వైపుకు తిరిగిపోతుంది. ఆ దారిలో కెమెరా ఉంటే మరక పడుతుంది, లేకపోతే పడదు.

దోషి ఏ దీపమో ఊహించాల్సిన పని లేదు. పేజీ ఉండే చోట చిన్న అద్దం బల్లపరుపుగా పెట్టండి. అద్దం లేకపోతే తెర ఆపేసిన ఇంకో ఫోన్ పెట్టినా సరిపోతుంది. ఇప్పుడు కెమెరా చూపిస్తున్న బొమ్మలో ఆ అద్దంలోకి చూడండి. ట్యూబ్‌లైటు కనిపిస్తే మెరుపు దానిదే. కిటికీ కనిపిస్తే కిటికీదే. చాలాసార్లు ఎదురుగా తెరిచిపెట్టిన ల్యాప్‌టాప్ తెర కూడా అందులో బయటపడుతుంది. అద్దాన్ని పేజీ నాలుగు మూలలకూ జరుపుతూ చూడాలి. ఎక్కడ పెట్టినా అద్దంలో ఫోనూ, నల్లటి పైకప్పూ తప్ప వెలిగే వస్తువేదీ కనబడకపోతే పేజీ మీద మెరుపు పడదు.

మన ఇళ్లలో టేబుల్‌ను గోడకు ఆనించి, సరిగ్గా దాని పైన గోడకు ట్యూబ్‌లైటు బిగించడం మామూలే. చదువుకోవడానికి అది బాగుంటుంది, కెమెరాకు మాత్రం అదే శత్రువు. క్లాసు సేపు దాన్ని ఆపేసి, ఒక టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. కుడిచేత్తో రాసేవారు ఎడమ వైపున, ఎడమచేత్తో రాసేవారు కుడి వైపున పెట్టుకుంటే చేతి నీడ అక్షరం మీద పడదు. మనం అనుకున్న 30 సెంటీమీటర్ల కెమెరాకు, ల్యాంపు బల్లకు 40 సెంటీమీటర్ల ఎత్తులో, పేజీ మధ్య నుంచి 60 సెంటీమీటర్ల పక్కకు ఉంటే మంచిది. వెలుగు ఏటవాలుగా పేజీ మీదుగా సాగి అవతలికి పోతుంది. రెండో వైపు నీడ ముదురుగా ఉంటే అక్కడ తెల్ల అట్టముక్క ఒకటి నిలబెట్టండి. అది వెలుగును కొంత వెనక్కి పంపుతుంది.

పేజీ పూర్తిగా చదునుగా ఉంటే ల్యాంపును ఇంకా దగ్గరకు తేవచ్చు. అంత దూరం పెట్టమనడానికి కారణం పాఠ్యపుస్తకం. కుట్టు దగ్గర పేజీ వంగి ఉంటుంది. పేజీ పది డిగ్రీలు వంగితే తిరిగిపోయే వెలుగు ఇరవై డిగ్రీలు పక్కకు మళ్లుతుంది. అందుకే చదునైన నోట్‌బుక్‌లో రాని మెరుపు రంగుల పుస్తకంలో కుట్టు పక్కన నిలువు చారలా వస్తుంది. పుస్తకాన్ని విప్పి, రెండు అంచుల మీదా బరువు పెట్టి చదును చేయండి. కెమెరా మీద పోలరైజర్ అద్దం పెడితే పోతుందని కొందరంటారు. అది బాగా ఏటవాలుగా చూసినప్పుడు కనబడే మెరుపును తగ్గిస్తుంది. నిట్టనిలువుగా కిందికి చూసే కెమెరాకు దానివల్ల పెద్దగా ఉపయోగం లేదు.

రాసే సామాను కూడా చూసుకోవాలి. పెన్సిల్ గీత మెరుస్తుంది, ఒక కోణంలో చూస్తే అక్షరం బూడిద రంగులోకి మారిపోతుంది. నల్ల స్కెచ్‌పెన్, నునుపు లేని మామూలు కాగితం కెమెరాకు అన్నిటికన్నా అనుకూలం.

ఫోకస్‌ను నిలబెట్టడం

ఫోన్ కెమెరా ఫోకస్ కుదుర్చుకోవడానికి చాలా వరకు నలుపుతెలుపుల తేడా మీద ఆధారపడుతుంది. ఖాళీ తెల్ల కాగితం మీద దానికి పట్టు దొరకదు. అంతలో మీ చెయ్యి వస్తుంది. అది పేజీకన్నా ఐదారు సెంటీమీటర్లు పైన ఉంటుంది, గీతలూ ముడతలూ ఉన్న వస్తువు కూడా. కెమెరా వెంటనే దాని మీదికి వెళుతుంది. చెయ్యి తీశాక మళ్లీ పేజీని వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలో బొమ్మ కొద్దిగా ఉబ్బి, కొద్దిగా కుంచించుకోవడం కనిపిస్తుంది.

దీనికి నికరమైన మందు ఫోకస్‌ను తాళం వేయడం. ఐఫోన్ కెమెరాలో తెర మీద వేలు నొక్కి ఉంచితే `AE/AF LOCK` అని వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే పద్ధతి. అయితే కెమెరా యాప్‌లో వేసిన తాళం మీటింగ్ యాప్‌లోకి రాదు. అందుకని ఫోన్‌ను కంప్యూటర్‌కు వెబ్‌క్యామ్‌గా మార్చే డ్రాయిడ్‌క్యామ్, కేమో వంటి యాప్ వాడటం మంచిది. ఫోకస్, జూమ్ వంటివి అక్కడే మార్చుకునే వీలుంటుంది.

తాళం వేసేముందు పేజీ ఉండే చోట ఒక న్యూస్‌పేపర్ ముక్క పరవండి. దాని చిన్న అక్షరాల మీద తాకి, అవి పదునుగా కనబడ్డాక తాళం వేసి, ముక్క తీసేసి నోట్‌బుక్ పెట్టండి. ఇక చెయ్యి ఎంత ఆడినా ఫోకస్ కదలదు. కానీ మూడు సెంటీమీటర్ల మందం పుస్తకం తెచ్చి అక్కడ పెడితే అది కెమెరాకు అంత దగ్గరవుతుంది, అక్షరాలు పలచబడవచ్చు. క్లాసులో పుస్తకం, నోట్‌బుక్ రెండూ వాడేవాళ్లు నోట్‌బుక్ కింద అట్టలు పేర్చి, రెంటినీ ఒకే ఎత్తుకు తెచ్చుకోవాలి.

ఫోన్‌తో నేరుగా మీటింగ్‌లో చేరేవాళ్లకు సాధారణంగా ఈ తాళం ఉండదు. వాళ్లు తెల్ల కాగితం బదులు గీతల కాగితం వాడితే కెమెరాకు పట్టు దొరుకుతుంది. అక్షరం మరీ చిన్నదవకుండా ఫోన్‌ను ఇంకొంచెం పైకి జరిపినా మేలే. దూరం పెరిగే కొద్దీ పైనున్న చెయ్యి, కింద ఉన్న పేజీ రెండూ స్పష్టంగా కనబడే అవకాశం పెరుగుతుంది. ఇలా చేరేటప్పుడు ఫోన్‌కు ఆడియో కలపకూడదు. కలిపితే ల్యాప్‌టాప్‌తో కలిసి ప్రతిధ్వని మొదలవుతుంది.

ఏ మసక దేనివల్ల?

అన్ని మసకలూ ఫోకస్ తప్పులు కావు. చెయ్యి తీయగానే బాగుపడితే అది ఫోకస్. కలం కదిలినప్పుడు మాత్రమే అలుక్కుపోయి, ఆగగానే నిలిస్తే వెలుతురు చాలడం లేదు, ల్యాంపు పెంచాలి. మీ తెర మీద శుభ్రంగా ఉండి, పిల్లల తెర మీద గళ్లుగళ్లుగా విడిపోతే అది నెట్ సమస్య. పేజీ మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతుంటే దీపం రెపరెపలు కారణం. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి యాప్ సెట్టింగ్‌లో ఆ అంకె ఎంచుకోండి. తగ్గకపోతే బల్బు మార్చండి.

ఇవన్నీ మీ ల్యాప్‌టాప్‌లో చూసుకుంటే తెలియవు. ఇంట్లో ఉన్న ఇంకో ఫోన్‌తో, మొబైల్ డేటా మీద, విద్యార్థిలా మీ క్లాసులో చేరండి. ‘ద’, ‘ధ’ పక్కపక్కన రాసి, చేతిని పేజీ మీదే ఉంచి చూడండి. రెండూ వేరుగా కనబడితే కెమెరా సిద్ధమైనట్టే. అప్పుడు స్టాండు, ల్యాంపు, నోట్‌బుక్ ఉన్న చోట్ల బల్ల మీద టేపు ముక్కలు అంటించుకోండి. వీటిలో ఎత్తు మారితే వెలుగూ ఫోకస్సూ రెండూ మళ్లీ చూసుకోవాలి. ఏదీ మారకపోతే తర్వాతి క్లాసుకు ఫోన్ తెచ్చి స్టాండులో పెట్టి, ఫోకస్ తాళం వేస్తే చాలు.